వరద తర్వాత కిరాయి తగ్గించమని ఓనర్‌ను ఎలా అడగాలి?

2023 జులై వానలకు వరంగల్‌లో హంటర్ రోడ్డు చుట్టుపక్కల కాలనీలు నీళ్లలో మునిగాయి. అలాంటి వరద వచ్చినప్పుడు పైఅంతస్తులో ఉన్నవాళ్ల సామాన్లకు ఏమీ కాకపోవచ్చు. కానీ కరెంటు లేక, మోటరు నడవక, ట్యాంకులో చుక్క నీళ్లు లేక ఇల్లు వదిలి చుట్టాలింటికి పోవాల్సి వస్తుంది. ఒకటో తారీఖు రాగానే పూర్తి కిరాయి కట్టాలా అన్న ప్రశ్న వస్తుంది.

"తగ్గించండి సార్" అని ఊరికే అడిగితే, "వాన నేనేమన్నా కురిపించిన్నా?" అంటాడు ఓనర్. ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే ముందు రోజులను రెండుగా విడదీయండి: ఏరియా మొత్తానికి కరెంటు లేని రోజులు, పక్క బిల్డింగులకు వచ్చినా మీకు రాని రోజులు. మొదటివి ఓనర్ చేతిలో లేనివి. రెండోవి చాలావరకు ఆయన చేతిలోవే. ఎందుకంటే బయట లైను డిస్కం బాగుచేస్తుంది గానీ, బిల్డింగు లోపలి ప్యానెల్ బోర్డు, వైరింగు, మోటరు, సంపు ఓనర్ చూసుకోవాల్సినవి. మన దగ్గర ప్యానెల్ బోర్డు సెల్లార్‌లో పెట్టడం అలవాటు కాబట్టి, నీళ్లు రాగానే మునిగేది అదే. తడిసిన బోర్డును ఆరబెట్టి, ఎలక్ట్రీషియన్ చూసేదాకా ఆన్ చేయకూడదు. తొందరపెట్టకండి, ప్రాణం మీదికి వస్తుంది. ఆలస్యం ఎలక్ట్రీషియన్ దొరకకనా, పిలవకనా అన్నది మాత్రం రాసిపెట్టుకోండి.

ఇప్పుడు లెక్క. కిరాయి 12,000 అనుకుందాం, అంటే రోజుకు 400. మూడు రోజులు ఏరియాకే కరెంటు లేదు. నష్టం చెరిసగం అనుకుని రోజుకు 200 చొప్పున 600 అడగండి. తర్వాత మూడు రోజులు బోర్డు పాడై చీకట్లోనే ఉన్నారు. దీనికి పూర్తిగా 1,200. కరెంటు వచ్చాక సంపులోని మురికినీళ్లు తోడి కడగడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. లైట్లున్నాయి, నీళ్లు లేవు కాబట్టి సగం చొప్పున 400. ట్యాంకర్‌కు మీ వాటా 600. మొత్తం 2,800. ఎనిమిది రోజులకూ పూర్తి కిరాయి, ట్యాంకర్ కలిపి 3,800 అడగడం కంటే ఇదే నిలబడుతుంది, ఎందుకంటే ప్రతి రూపాయికీ కారణం చెప్పగలరు.

రుజువులకు పెద్ద హడావిడి అక్కర్లేదు. సెల్లార్‌లో నీళ్ల ఫోటో, ట్యాంకర్ వాడికి ఫోన్‌పే చేసిన స్క్రీన్‌షాట్, 1912కు చేసిన కంప్లైంట్ నంబరు, "ఇయ్యాల కరెంటొచ్చింది" అన్న బిల్డింగు గ్రూపు మెసేజ్ చాలు. తారీఖులు వాటిలోనే ఉంటాయి.

ఓనర్ బురద కడిగిస్తున్న రోజు ఈ మాట ఎత్తకండి. అన్నీ సర్దుకున్నాక, కిరాయి తేదీకి ముందే, ఎదురుగా కూర్చుని మాట్లాడండి. ఆయన కూడా మోటరు రివైండింగుకు ఖర్చు పెట్టి ఉంటాడు. ఆ సంగతి మీరే ముందు అడిగితే మాట మెత్తబడుతుంది. ఆ రాత్రే వాట్సాప్‌లో పెట్టండి:

"సార్ నమస్తే. పొద్దున మాట్లాడుకున్నట్టు, వరదలో కరెంటు, నీళ్లు లేని రోజులకు లెక్క రాసి పంపుతున్నా. మొత్తం 2,800 అయింది. ఒకేసారి ఇబ్బందైతే రెండు నెలల కిరాయిలో తగ్గించండి. మీరు సరే అంటే దాని ప్రకారం కిరాయి వేస్తాను."

ఆయన 2,000 దగ్గర ఆగితే ఒప్పుకోవడమే మంచిదని నా అభిప్రాయం. ఈ నెల 11,000, వచ్చే నెల 11,000. "ఓకే" అన్న జవాబు రాతలో వచ్చాకే ఆ మొత్తం పంపండి. నోటిమాట మీద తగ్గిస్తే, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులోంచి కోసేసుకునే ఓనర్లు ఉన్నారు.

ఒప్పుకోకపోతే మీ అంతట మీరు కోసి కట్టకండి. కిరాయి బకాయి పడటం ఖాళీ చేయించడానికి కారణం అవుతుంది. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 108వ సెక్షన్ వరద గురించి చెప్తుంది గానీ, ఇల్లు గణనీయంగా, శాశ్వతంగా పనికిరాకుండా పోతేనే లీజు రద్దు చేసుకోవచ్చంటుంది. వారం రోజుల చీకటి ఆ కిందికి రాదు. అదే సెక్షన్‌లో ఇంకో వెసులుబాటు ఉంది: ఓనర్ చేయించాల్సిన రిపేరు ఏదైనా, మీరు నోటీసు ఇచ్చాక తగిన సమయంలో ఆయన చేయించకపోతే, మీరే చేయించి ఆ ఖర్చు కిరాయిలో మినహాయించుకోవచ్చు. అగ్రిమెంటులో దీనికి విరుద్ధంగా రాసుకుని ఉంటే అదే చెల్లుతుంది కాబట్టి, రిపేర్ల గురించిన లైను ముందు చదవండి.

డబ్బు దగ్గర ససేమిరా అన్న ఓనర్ కూడా ఇంకో రెండిటికి ఒప్పుకోవచ్చు: అగ్రిమెంటు రెన్యువల్‌లో ఈసారి కిరాయి పెంచకపోవడం, వచ్చే వానాకాలం లోపు ప్యానెల్ బోర్డును సెల్లార్ నుంచి పైకి మార్పించడం. రెండోది అడగడం మర్చిపోకండి. అందులో ఆయనకు బోర్డు రిపేరు ఖర్చు కూడా మిగులుతుంది.