రిక్రూటర్ అలాగే పేస్ట్ చేసేలా రెండు లైన్ల పరిచయం: ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

“రెజ్యూమె అందిందండీ. మీ గురించి రెండు లైన్లు రాసి పంపితే మేనేజర్‌కి ఫార్వర్డ్ చేస్తాను.” కన్సల్టెన్సీలో ఉన్న నాలుగేళ్లలో ఈ మాట నేను రోజుకు పదిసార్లు అనేవాడిని. వచ్చినవాటిలో ఉన్నదున్నట్టు పేస్ట్ చేయగలిగినవి చాలా తక్కువ.

సమస్య: మీరు రాసింది ఒకటి, మేనేజర్‌కి వెళ్లింది ఇంకొకటి

ఇంటర్వ్యూలో “మీకు ఎస్ఏపీ సాఫ్ట్‌వేర్ వచ్చటగా?” అని అడుగుతారు. మీరు ఎక్కడా ఆ మాటే అనలేదు.

కారణం: మీ లైన్లు పనికిరాక రిక్రూటరే హడావిడిగా మార్చి రాశారు. ఒక ఉదాహరణ చూద్దాం. విశాఖలో ఒక మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర అకౌంట్స్ చూసే అమ్మాయి, పేరు సుజాత అనుకుందాం, హైదరాబాద్ ఉద్యోగానికి ఇలా పంపింది:

“నేను కష్టపడి పనిచేసే, త్వరగా నేర్చుకునే అకౌంట్స్ ప్రొఫెషనల్‌ని. మీ సంస్థ ఎదుగుదలలో భాగం కావాలని కోరుకుంటున్నాను.”

ఇది నా మెయిల్‌లో పడితే “నేను” అంటే నేనైపోతాను. “మీ సంస్థ” అంటే మా కన్సల్టెన్సీయా, మేనేజర్ కంపెనీయా? రెండూ మార్చాక మిగిలేది “కష్టపడి పనిచేసే” అన్న ముక్క. అది ఎవరి గురించైనా రాయొచ్చు. అప్పుడు రిక్రూటర్ రెజ్యూమె పైపైన తిరగేసి, తనకు తోచిన నాలుగు మాటలు అతికిస్తారు. ఎస్ఏపీ అలా వచ్చి చేరుతుంది.

పరిష్కారం: మీ గురించి రిక్రూటర్ చెబుతున్నట్టు, పేరుతో మొదలుపెట్టండి. మొదటి లైన్‌లో పేరు, అనుభవం, ఇప్పుడు చేస్తున్న పని. రెండో లైన్‌లో ఆ ఉద్యోగ ప్రకటన అడిగిన పనుల్లో మీరు సొంతంగా చేస్తున్నది ఒక్కటే, తర్వాత ఎప్పుడు చేరగలరో. సుజాత లైన్లు మార్చాక ఇలా వచ్చాయి (మెయిల్ మామూలుగా ఇంగ్లీషులోనే వెళ్తుంది, ఇక్కడ తెలుగులో రాస్తున్నా):

“సుజాతకు బిల్లుల చెల్లింపుల విభాగంలో 4 ఏళ్ల అనుభవం ఉంది, విశాఖలో ఒక మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర టాలీలో నెలకు సుమారు 400 వెండర్ బిల్లులు చూస్తున్నారు. ప్రతినెలా GSTR-2B తో కొనుగోలు బిల్లులను సరిచూసే పని పూర్తిగా ఆమెదే. ఆగస్టు 4 నుంచి హైదరాబాద్‌లో చేరగలరు.”

టాలీ అని స్పష్టంగా ఉంది కాబట్టి ఎస్ఏపీకి చోటు లేదు. 400 అన్న అంకె ఎందుకంటే, ఆ పని చేయించుకున్న మేనేజర్‌కి అది ఎంత బరువో వెంటనే తెలుస్తుంది. అంకె లెక్కపెట్టి వేసుకోండి. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దానిమీదే రావచ్చు.

సమస్య: “ఇంకా నోటీస్‌లోనే ఉన్నారా?” అని అడుగుతున్నారు

కారణం: “15 రోజుల్లో చేరగలను” అని రాశారు. మీరు పంపింది సోమవారం. రిక్రూటర్ పంపింది శుక్రవారం. మేనేజర్ చదివింది ఆ పై వారం. 15 రోజులు ఎప్పటినుంచి లెక్కో ఎవరికీ తెలియదు.

పరిష్కారం: రాజీనామా ఇచ్చేసి చివరి రోజు ఖరారైతే తేదీ రాయండి. ఇవ్వకపోతే తేదీ వేయకండి, “రాజీనామా ఇచ్చిన రోజు నుంచి 60 రోజులు” అనండి. తొందరపడి “ఇమ్మీడియెట్ జాయినర్” అని వేస్తే ఆఫర్ దశలో రిలీవింగ్ లెటర్ అడిగినప్పుడు టెన్షన్ మీదే.

సమస్య: మెయిల్ మధ్యలో మీ రెండు లైన్లే వేరే ఫాంట్‌లో, వేరే రంగులో కనిపిస్తున్నాయి

కారణం: వర్డ్‌లోనో, రెజ్యూమెలోనో ఉన్నదాన్ని నేరుగా కాపీ చేశారు. ఫాంట్, బుల్లెట్లు, లింకులు దాంతోపాటే వస్తాయి. చూడగానే అతికించిన ముక్క అని తెలిసిపోతుంది.

పరిష్కారం: కంప్యూటర్‌లో జీమెయిల్‌లో Ctrl+Shift+V తో పేస్ట్ చేస్తే ఉత్త అక్షరాలే పడతాయి. బోల్డ్, ఎమోజీ, బుల్లెట్ ఏవీ వద్దు. అటాచ్‌మెంట్‌గా కూడా పంపకండి, మెయిల్‌లోనే పైన ఒక లైన్ ఖాళీ, కింద ఒక లైన్ ఖాళీ వదిలి పెట్టండి.

ఫోన్ నంబరు ఆ రెండు లైన్లలో పెట్టొద్దు. కన్సల్టెన్సీ వాళ్లు చాలామంది క్లయింట్‌కి పంపేముందు కాంటాక్ట్ వివరాలు తీసేస్తారు, తీసేటప్పుడు వాక్యం తెగిపోతుంది. జీతం సంగతీ అంతే: ఆ మెయిల్ ఇంటర్వ్యూ చేసేవాళ్లందరికీ తిరుగుతుంది. అది రిక్రూటర్‌కి విడిగా చెప్పండి.

పంపేముందు మీకు మీరే ఒకసారి పంపుకుని, దాన్ని ఇంట్లో ఎవరికైనా ఫార్వర్డ్ చేసి, వాళ్ల ఫోన్‌లో తెరిచి చూడండి. కంప్యూటర్‌లో రెండు లైన్లున్నది ఫోన్‌లో ఐదారు అవుతుంది. పదికి చేరిందంటే మొదట కొట్టేయాల్సింది విశేషణాలు.