రాత్రి చికెన్‌ని మధ్యాహ్నానికి కాస్త జరపండి

హైదరాబాద్‌లో జిమ్‌కి వెళ్లేవాళ్లు చాలామంది పొద్దున బండి దగ్గర నాలుగు ఇడ్లీలు, మధ్యాహ్నం బాక్సులో అన్నం, పప్పు తిని, ప్రొటీన్ అంతా రాత్రి చికెన్‌తో లాగించేస్తారు. ఇడ్లీల్లో దొరికేది 8 గ్రాములు, సాంబార్ బాగా పోస్తే 10. పలుచటి పప్పుతో ఇంకో 12 అనుకోండి. రాత్రి 200 గ్రాముల వండిన చికెన్‌లో మాత్రం 50 దాటుతుంది.

ఆ 50 వృథా ఏమీ కాదు. పెద్ద మోతాదు నెమ్మదిగా అరిగి, గంటల తరబడి కండరానికి అందుతూనే ఉంటుంది. "30 గ్రాములకు మించి ఒంటికి పట్టదు" అన్న జిమ్ మాట నమ్మక్కర్లేదు. చిక్కంతా పగటిపూటే. కండరం మరమ్మతు జోరందుకోవాలంటే ఒక్కో పూట కిలో బరువుకు సుమారు 0.3 గ్రాములు పడాలి, అంటే 70 కిలోల మనిషికి 20 పైచిలుకు. అరవై దాటినవాళ్లకు ఇంకొంచెం ఎక్కువే కావాలి.

కాబట్టి ఆ చికెన్‌లో సగం మర్నాటి బాక్సులో పెట్టుకోండి. ఇడ్లీలతో రెండు ఉడికించిన గుడ్లు తింటే ఇంకో 12 గ్రాములు వస్తాయి. శాకాహారులైతే పనీర్ గానీ మీల్‌మేకర్ గానీ చూసుకోవచ్చు.

రోజు మొత్తం తక్కువైతే ఎన్ని పూటలకు పంచినా లాభం లేదు, ముందు అది చూసుకోండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ప్రొటీన్ పెంచొద్దు.