యూకే వీసా రిజెక్ట్ లెటర్‌లో ముందు చూడాల్సింది

యూకే స్టూడెంట్ వీసా రిజెక్ట్ అయితే వెంటనే మళ్లీ ఫీజు కట్టకండి. లెటర్‌లో తేదీ, రూపాయల లెక్క ఉన్న వాక్యం ఎక్కడుందో వెతకండి. డబ్బు విషయంలో రిజెక్ట్ అయితే అసలు కారణం అక్కడే ఉంటుంది.

హనుమకొండలో మా మేనల్లుడి లెటర్ చదివి ఇంట్లో అందరూ డబ్బు సరిపోలేదనుకున్నారు. నిజానికి డబ్బు సరిపోయింది, రోజులే సరిపోలేదు. చూపాల్సిన మొత్తం వరుసగా 28 రోజులు అకౌంట్‌లో ఉండాలి. మా బావ మధ్యలో ఎరువుల బాకీ కట్టడంతో రెండు రోజులు బ్యాలెన్స్ ఆ మొత్తం కన్నా తగ్గింది. లెటర్‌లో ఆ తేదీలే రాశారు.

ఇలా పొరపాటు మనదైతే అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ, అంటే నిర్ణయాన్ని మళ్లీ పరిశీలించమని అడగడం, దండగ. అది అధికారి తప్పు చేశాడా అని మాత్రమే చూస్తుంది, కొత్త స్టేట్‌మెంట్ పెట్టినా సాధారణంగా తీసుకోరు. స్టేట్‌మెంట్‌లో 28 రోజులూ ఉన్నా వాళ్లే తప్పుగా లెక్కేస్తే మాత్రం రివ్యూ పెట్టండి. ఇండియా నుంచి పెడితే నిర్ణయం అందిన 28 రోజుల్లోపు, ఫీజు 80 పౌండ్లు.

మావాడు మళ్లీ అప్లై చేయాల్సి వచ్చింది. సీటు ఇచ్చినట్టు యూనివర్సిటీ ఇచ్చే క్యాస్ ఒక్క అప్లికేషన్‌కే పనిచేస్తుంది కాబట్టి ముందు యూనివర్సిటీని కొత్తది అడిగాడు. 28 రోజులు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. ఆ 28వ రోజు దాటాక 31 రోజుల్లోపే అప్లై చేయాలి. పాత రిజెక్షన్ ఫామ్‌లో దాచకుండా రాయాలి.