హాస్టల్ బట్టల లాండ్రీ – 3వ పాఠం: నీళ్లలో వేయకముందే చేయాల్సిన పని

పోయిన పాఠంలో మెషిన్ సంగతి, బోరు నీళ్ల సంగతి చూశాం. ఈసారి మెషిన్ జోలికి పోము. సంచి మన చేతికొచ్చినప్పటి నుంచి బట్టలు నీళ్లలో పడేదాకా చేసే పని నేర్చుకుందాం. లాండ్రీలో గొడవలు చాలావరకు మొదలయ్యేది ఇక్కడే.

ముందు లెక్క. కిలో లెక్కన డబ్బు తీసుకున్నా బట్టలు ఒక్కొక్కటిగా ఎంచి రాసుకోండి. తూకం డబ్బుకు పనికొస్తుంది గానీ, ఒక బనియన్ తగ్గిందని అది చెప్పదు. పాతకాలపు చాకలిపద్దు ఇందుకే ఉండేది. పద్దు రెండు ప్రతులు రాసి, ఒకటి సంచి ఇచ్చిన విద్యార్థికి ఇవ్వండి. చిరుగు, ఊడిన గుండీ, పాత మరక, చెమట సంచిలో మాగి పట్టిన నల్ల బూజు చుక్కలు కనిపిస్తే అతని ఎదుటే పద్దులో రాయండి. ఉతికాక చెబితే ఎవరూ నమ్మరు. తడి తువ్వాలు ఉంటే ఆరాకే తూకం వేయండి.

గుర్తుకు ఒకప్పుడు నల్లజీడి గింజ రసం వాడేవారు. అది ఎన్ని ఉతుకులకైనా పోదు, కానీ కొందరి ఒంటికి పడక దద్దుర్లు, పొక్కులు వస్తాయి. మనకు వేలెడు తెల్ల నాడా ముక్క, చెరగని మార్కర్ చాలు. సంచి 17, అందులో పది బట్టలు అయితే మొదటిదానికి 17-1/10, రెండోదానికి 17-2/10 అని రాయాలి. మొత్తం అంకె ప్రతి ముక్క మీదా ఉంటే, మడతపెట్టేటప్పుడు తొమ్మిదే తేలినా వెంటనే తెలుస్తుంది. నాడాను బట్టకు కాకుండా కాలర్ దగ్గరి లేబుల్‌కు పిన్నుతో గుచ్చండి. పిన్ను స్టీలుదో ఇత్తడిదో కావాలి. మామూలు ఇనుప పిన్ను తుప్పు పడితే ఆ మరక సబ్బుకు పోదు.

తర్వాత జేబులు. ఒక్క బాల్ పెన్ను మెషిన్ నిండా ఉన్న బట్టల్ని పాడుచేస్తుంది. టిష్యూ కాగితం పిప్పిపిప్పి అయి నల్ల ప్యాంట్లకు అంటుకుంటుంది.

ఇక అసలు విషయం, రంగు. కొత్త జీన్సు, ముదురు ఎరుపు నూలు కుర్తా, ఇండిగో అద్దకం బట్ట – వీటిని చూసి నమ్మకూడదు. తెల్ల నూలు గుడ్డను సబ్బు నీళ్లలో తడిపి, కుర్తా లోపలి కుట్టు అంచు మీద పెట్టి అర నిమిషం గట్టిగా నొక్కండి. గుడ్డకు రంగు అంటితే అది విడిగా ఉతకాల్సిన బట్ట. కల్లుప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని ఇళ్లలో అంటారు. దాన్ని నమ్ముకుని కస్టమర్ బట్టను తెల్లవాటితో కలపకండి.

17వ నంబరు సంచినే తీసుకుందాం: జీన్సు 700 గ్రాములు, మెరూన్ కుర్తా 300, రెండు తెల్ల చొక్కాలు 400, మూడు టీషర్టులు 450, ట్రాక్ ప్యాంటు 350, తువ్వాలు 400, దుప్పటి 500. మొత్తం 3.1 కిలోలు. అన్నీ ఒకేసారి వేస్తే 7 కిలోల మెషిన్‌లో చోటు సరిపోతుంది. కానీ వేయకూడదు. తెల్ల చొక్కాలు మిగతా సంచుల తెల్లవాటితో వెళ్లాలి. జీన్సు తిరగేసి ముదురు రంగుల జట్టులో వేయాలి. కుర్తా పరీక్షలో తప్పింది కాబట్టి బకెట్లో చన్నీళ్లతో, నానబెట్టకుండా ఐదు నిమిషాల్లో ముగించి, తిరగేసి నీడన ఆరేయాలి. తువ్వాలు, దుప్పటి ఒక జట్టు. తువ్వాలు నూగు ట్రాక్ ప్యాంటుకు పట్టుకుంటే దులిపినా రాదు. టీషర్టులూ ట్రాక్ ప్యాంటూ లేత రంగువైతే లేతవాటితో, ముదురువైతే జీన్సుతో వేయండి. ఇలా కలిసి తిరిగే సంచులు మళ్లీ విడిపోయేది నాడా ముక్కల వల్లే.

ఇంత చేసినా రంగు అంటితే ఆ బట్టను ఆరనివ్వకండి, ఇస్త్రీ అసలే వద్దు. తడిగా ఉండగానే రంగు దిగిన బట్టను వేరుచేసి, తెల్లదాన్ని మళ్లీ ఉతకండి. తెల్ల నూలు బట్టయితే ఆక్సిజన్ బ్లీచ్‌ను ప్యాకెట్ మీది కొలత ప్రకారం గోరువెచ్చని నీళ్లలో కలిపి నానబెట్టవచ్చు. ఘాటు వాసన వచ్చే క్లోరిన్ బ్లీచ్‌ను పట్టుకు, ఉన్నికి, సాగే గుణమున్న బట్టలకు వాడకూడదు.

కొత్తవాళ్లను కంగారుపెట్టేది ఇంకొకటి ఉంది. పప్పో సాంబారో ఒలికిన తెల్ల చొక్కాకు సబ్బు తగలగానే ఆ పసుపు మరక ఎర్రబడుతుంది. రంగు అంటిందని అనుకోకండి. పసుపుకు సబ్బులోని క్షారం తగిలితే జరిగేది అదే. బాగా జాడిస్తే తిరిగి పసుపుపచ్చగా మారుతుంది, మిగిలినది ఎండలో వేస్తే క్రమంగా వెలిసిపోతుంది. పద్దు రాసేటప్పుడే ఆ మరక పక్కన 'పసుపు' అని రాసి ఉంచితే, ఉతికేవాళ్లు దాని మీద బ్లీచ్ పోయరు.

అభ్యాసం: మీ ఇంట్లోని ఒక సంచి బట్టలకు పద్దు, నాడా, రంగు పరీక్ష మూడూ చేసి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. వచ్చే పాఠంలో ఉతుకు, ఇస్త్రీలకు ధర కట్టేటప్పుడు ఆ నిమిషాలూ లెక్కలోకి వస్తాయి.