బరువైన క్యూలో పని – మూడో పాఠం: షిఫ్టును కోసుకోవడం, దెబ్బ తగిలిన తర్వాతి అరగంట

సోషల్ మీడియాలో జనం పెట్టిన వీడియోలు, కామెంట్లు చూసి ఏవి ఉంచాలో ఏవి తీసేయాలో చెప్పే కంటెంట్ మోడరేటర్ల కోసం ఈ పాఠాలు. అలా చూడాల్సిన వాటి వరుసే క్యూ. రెండో పాఠంలో తెర సంగతి చూశాం. వీడియోను నలుపు తెలుపులోకి మార్చుకోవడం, శబ్దం ఆపి మొదలుపెట్టడం, వరుసగా కనిపించే చిన్న బొమ్మలు చూసే నిర్ణయం చెప్పగలిగితే క్లిప్ నడపకుండా అక్కడే చెప్పేయడం. అవి ఒక్కో క్లిప్ తీవ్రతను తగ్గిస్తాయి. కానీ మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో రాత్రి తొమ్మిదికి లాగిన్ అయి, ఉదయం ఆరుకు క్యాబ్ ఎక్కేవాళ్లకు ఆ తొమ్మిది గంటల మొత్తం బరువు కూడా ఒక లెక్కే. ఈ పాఠం ఆ లెక్క గురించి.

మొదట కొలవాలి. అయిదు షిఫ్టుల పాటు, ప్రతి బ్రేక్‌లో రెండే విషయాలు రాసుకోండి: ఇప్పటిదాకా ఏ క్యూలో ఉన్నాను, మనసు మీద బరువు సున్నా నుంచి పదిలో ఎంత. ఫ్లోర్ మీద కాగితం, పెన్ను ఉండనివ్వరు కాబట్టి లాకర్ నుంచి ఫోన్ తీసుకున్నప్పుడు రాయండి. క్లిప్‌లో ఏముందో మాత్రం రాయొద్దు. అది కంపెనీ గోప్యత నిబంధనలకు విరుద్ధం. పైగా రాసే కొద్దీ ఆ బొమ్మ మళ్లీ కళ్ల ముందుకు వస్తుంది. మీకు కావలసింది అంకె ఒక్కటే.

నా పక్క సీట్లో తెలుగు క్యూ చూసే అమ్మాయి రాసుకున్న లెక్క చెప్తాను. అర్ధరాత్రి దాకా అంకె రెండు, మూడు దాటలేదు. భోజనం తర్వాత నాలుగు. మూడు నుంచి అయిదు మధ్య ఏడు. ఆ వేళకు తనకు హింస క్యూ వస్తుంది కాబట్టి కారణం అదేనని ఇద్దరం అనుకున్నాం. అయితే రెండు రాత్రులు అదే క్యూ పది గంటలకే వచ్చింది. అప్పుడు అంకె నాలుగు దగ్గరే ఆగింది. ఇంకో రాత్రి మూడింటికి ‘తేలిక’ అని పేరున్న కామెంట్ల క్యూ ఇచ్చారు. అంకె ఆరు!

ఇందులో రెండు సంగతులు ఉన్నాయి. తెల్లవారుజామున శరీరం నిద్ర కోరుతుంది. ఆ వేళకు ఓపిక సన్నగిల్లి, పదింటికి పక్కకు నెట్టేయగలిగిన క్లిప్ మూడింటికి లోపలికి దిగుతుంది. ఇది మొదటిది. రెండోదాన్ని మేం చాలా ఆలస్యంగా గమనించాం. ఆ కామెంట్లన్నీ తెలుగులో ఉన్నాయి: ఆడపిల్లల మీద బూతులు, కులం పేరు పెట్టి తిట్లు, చచ్చిపోతానని ఎవరో రాసిన వాక్యాలు. వీడియోకు శబ్దం ఆపుకోవచ్చు. చదివే మాటకు ఆ వీలు లేదు, అమ్మ భాషలో ఉన్న మాటకైతే అసలే లేదు. అందుకే క్యూకు టూల్‌లో ఉన్న పేరును నమ్మకండి. మీ అంకె ఏం చెప్తే అదే ఆ క్యూ బరువు. పక్కవాళ్ల అంకె మీది కాదు. ఇంట్లో పసిపిల్ల ఉన్నవాళ్లకు పిల్లల క్యూ ఒకలా తగులుతుంది, లేనివాళ్లకు ఇంకోలా.

ఆ లెక్క చూసి తన షిఫ్టును ఇలా మార్చుకున్నాం. మొదటి అరగంట స్పామ్ మాత్రమే. తొమ్మిదిన్నర నుంచి హింస క్యూ నలభై అయిదు నిమిషాలు, తర్వాత పది నిమిషాల బ్రేక్. మళ్లీ నలభై అయిదు నిమిషాలు ప్రకటనల క్యూ, ఆ తర్వాత అంతే సేపు హింస క్యూ. భోజనానికి ముందు అరగంట బరువైనది ఏదీ లేదు. భోజనం అయ్యాక ఒంటిగంటన్నరకు హింస క్యూ చివరి విడత, నలభై నిమిషాలు. రెండున్నర తర్వాత ఆ క్యూ తెరవదు. మూడు నుంచి అయిదు దాకా నకిలీ ఖాతాలు, ఆఖరి గంటలో మళ్లీ స్పామ్. మొత్తం మీద బరువైన క్యూ రెండు గంటల పది నిమిషాలు. ఈ నిమిషాలు మా ఫ్లోర్‌లో కుదిరినవి, మీ అంకెను బట్టి మీరు మార్చుకోండి. ఆఖరి గంట నియమం మాత్రం వదలకండి. క్యాబ్‌లో చీకటి, నిశ్శబ్దం, చేతికి పని లేదు. చివర చూసినదే ఇంటిదాకా పక్కన కూర్చుంటుంది.

దీనికి టీమ్ లీడ్ ఒప్పుకోవాలి కదా. ‘నాకు కష్టంగా ఉంది’ అని చెప్తే ‘అందరికీ ఉంది’ అన్న జవాబు వస్తుంది. తను ఇలా అడిగింది: “అన్నా, మూడు నుంచి అయిదు మధ్య నా తప్పు నిర్ణయాలు ఎక్కువగా వస్తున్నాయి, క్యూఏ రిపోర్టు చూడు. ఆ రెండు గంటలు ఫేక్ అకౌంట్స్ ఇవ్వు. హింస క్యూలో నేను చూడాల్సిన కౌంట్ పన్నెండు లోపే చాలావరకు పూర్తి చేస్తా.” రెండు వారాలు చూద్దామన్నాడు. అంకె ఏడు నుంచి మూడుకు దిగింది, తప్పులూ తగ్గాయి. లీడ్ ఒప్పుకోకపోతే ఇద్దరు కలిసి వేళలు మార్చుకుంటామని అడగండి. అప్పుడు క్యూ ఖాళీగా ఉండదు కాబట్టి కాదనడానికి కారణం తక్కువ.

ఒక సందర్భంలో ఈ అమరిక అంతా చెదిరిపోతుంది. ఎక్కడో ఘోరం జరిగి ఒకే వీడియో వందల కాపీలుగా వస్తుంటే టీమ్ మొత్తాన్ని ఆ క్యూలోకి తోస్తారు. అప్పుడు విడతను ఇరవై నిమిషాలకు కుదించండి. ఒకే క్లిప్ మూడోసారి కనిపించిన వెంటనే దాన్ని హ్యాష్ బ్యాంకులో వేశారా అని లీడ్‌ను అడగండి. ఫైల్ వేలిముద్ర, అంటే హ్యాష్, బ్యాంకులోకి చేరితే అదే కాపీని సిస్టమే పట్టేస్తుంది, మనిషి మళ్లీ చూడక్కర్లేదు. కత్తిరించినవి, మార్చినవి కొన్ని తప్పించుకుంటాయి. అయినా మీ కళ్ల మీద పడే భారం బాగా తగ్గుతుంది.

ఇక రెండో భాగం. అంత చక్కగా కోసుకున్న షిఫ్టులోనూ ఒక గురువారం తన అంకె ఎనిమిది. క్యూ తప్పేమీ లేదు, ఒక్క క్లిప్ తగిలింది. అలాంటప్పుడు ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి, ఆ క్షణంలో ఆలోచన పని చేయదు.

ముందు ఆ టికెట్, అంటే ఆ క్లిప్ మీద మీ నిర్ణయం, ముగించండి. సందేహం ఉంటే మళ్లీ నడపకండి, పైవాళ్లకు ఎస్కలేట్ చేయండి. రెండోసారి చూసేది స్పష్టత కోసమని అనుకుంటాం గానీ చాలాసార్లు అది బొమ్మను ఇంకా లోతుగా అచ్చు వేస్తుంది. వెంటనే బ్రేక్ కోడ్ పెట్టి లేవండి. పాదాలు నేలకు ఆనించి నిలబడి, కిటికీలోంచి దూరంగా కనిపించే అయిదు వస్తువుల పేర్లు పైకే చెప్పండి. ఊపిరి వదలడం, పీల్చడం కన్నా నెమ్మదిగా ఉండనివ్వండి. గుండె దడ తగ్గడానికి ఇది రెండు మూడు నిమిషాల పని.

తర్వాత చాలామంది చేసేది రీల్స్ చూడడమో, కబుర్లలో పడడమో. దానికన్నా మంచిది ఒకటి ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో ఎమిలీ హోమ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2009లో ఒక ప్రయోగం చేసింది. కలవరపెట్టే వీడియో చూసిన అరగంటకు కొందరితో టెట్రిస్ ఆడించారు. ఆడినవాళ్లకు తర్వాతి వారంలో ఆ దృశ్యాలు పిలవకుండా మెదలడం తగ్గింది. 2010లో టెట్రిస్‌కు బదులు మాటల క్విజ్ పెట్టి చూస్తే, అది అదే వేళకు ఆడినప్పుడు మేలు చేయకపోగా దృశ్యాలు ఇంకా ఎక్కువగా వచ్చాయి. ముక్కలను తిప్పుతూ అమర్చేటప్పుడు మెదడు వాడే చోటు, బొమ్మను గుర్తు పెట్టుకునే చోటు ఒకటే అని వాళ్ల వివరణ. అక్కడ పని నడుస్తుంటే బొమ్మ అంత గట్టిగా నాటుకోదు. రోడ్డు ప్రమాదం జరిగిన ఆరు గంటల్లోపు ఆస్పత్రిలో ఉన్నవాళ్లతో ఆడించి కూడా తర్వాత ఇలాంటి ఫలితమే చూశారు. కాబట్టి ఫోన్‌లో ఆ ఆట పెట్టుకుని ఇరవై నిమిషాలు ఆడండి. పది నిమిషాల బ్రేకే ఉంటే ఆ పది నిమిషాలైనా ఆడి, మిగతాది తర్వాతి బ్రేక్‌లో పూర్తి చేయండి. ఆ పరిశోధనలన్నీ ఒకసారి తగిలిన దెబ్బ గురించినవి. ఏళ్ల తరబడి రోజూ చూసేవాళ్ల మీద కాదు. ఇది ఆ రాత్రికి ఆసరా. దీన్ని చూపించి కౌంట్ పెంచమంటే ఒప్పుకోవద్దు.

తోడు సంగతి. టీమ్‌లో ఒకరిని ముందే మాట్లాడి పెట్టుకోండి. దెబ్బ తగిలినప్పుడు వాళ్లకు ఏం చెప్పాలో ఆ అమ్మాయి నాకు నేర్పింది. “అక్కా, బరువైన మాట ఒకటుంది, ఇప్పుడు వినగలవా?” అని అడిగింది. నేను సరేనన్నాక, “పిల్లల క్లిప్ ఒకటి పడింది. చేతులు వణుకుతున్నాయి. కాసేపు పక్కన కూర్చో” అంది. అంతే. ఏం జరిగిందో చెప్పలేదు, నేను అడగలేదు. ఆ వివరం చెప్తే నా బుర్రలో ఇంకో బొమ్మ తయారవుతుంది, పది నిమిషాల్లో నేను కూడా నా క్యూకు వెళ్లాలి. అడగకుండానే మొత్తం ఒలకబోసే అలవాటు ఫ్లోర్‌లో చాలామందికి ఉంది. అది ఓదార్పు అనిపిస్తుంది, కానీ ఒకరి బరువు నలుగురికి అంటుతుంది.

ఇదే కారణంగా, అందరినీ కూర్చోబెట్టి చూసినదంతా వరుసగా చెప్పించే ‘డీబ్రీఫింగ్’ సమావేశానికి పిలిస్తే రాను అనే హక్కు మీకు ఉండాలి. దుర్ఘటన తర్వాత ఒకేసారి జరిపే అలాంటి సమావేశాలు తర్వాతి జబ్బును ఆపలేదని, కొందరికి హాని చేసి ఉండొచ్చని పరిశోధనల సమీక్షల్లో తేలింది. మంచి కౌన్సెలర్ మిమ్మల్ని క్లిప్ వర్ణించమని తొందరపెట్టరు, నిద్ర ఎలా ఉంది, ఏం తప్పించుకు తిరుగుతున్నారు అని అడుగుతారు.

ఆ ప్రశ్నలు మీరూ వేసుకోండి. కొడుక్కు స్నానం చేయించాలంటే చేతులు వెనక్కి పోతున్నాయా? తలుపు గొళ్లెం మళ్లీ మళ్లీ చూస్తున్నారా? ఒక బొమ్మ పిలవకుండా వస్తోందా? నెల దాటినా ఇవి తగ్గకపోతే ఆటలూ బ్రేకులూ చాలవు, సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లాలి. ‘తెర మీద చూసినదానికే ఇంతా’ అని ఎవరైనా అంటే, 2013లో వచ్చిన అమెరికా మానసిక వైద్యుల ప్రమాణ గ్రంథం డీఎస్ఎమ్-5 పీటీఎస్‌డీ, అంటే ఘోరం తర్వాత మనసులో మిగిలే జబ్బు, నిర్వచనంలో ఉద్యోగంలో భాగంగా పదేపదే ఘోరాలను తెర మీద చూడడాన్ని కూడా చేర్చిందని చెప్పండి. టీవీలో ఊరికే చూసినది లెక్కలోకి రాదు, పనిలో చూసినది వస్తుంది. కంపెనీ కౌన్సెలర్‌తో చెప్పుకోవడం ఇష్టం లేకపోతే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416 ఉంది, రాత్రి కూడా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

ఈ వారం అభ్యాసం: అయిదు షిఫ్టుల అంకెలు రాయండి, ఇంకా ఏమీ మార్చకండి. ఆరో రోజున, ఏ వేళకు ఏ క్యూ ఎక్కువ బరువుగా ఉందో చూసి, మీ టీమ్ లీడ్‌తో చెప్పే రెండు వాక్యాలు కాగితం మీద రాసుకోండి. తోడుగా ఉండేవాళ్లను ఇప్పుడే అడిగి పెట్టుకోండి. పగటి నిద్ర, కిటికీ తెరలు, ఆఖరి కాఫీ ఎప్పుడు తాగాలి అన్నవి నాలుగో పాఠంలో.