తోటి ఇంజినీరు డిజైన్‌పై అభ్యంతరం రాసే ముందు

సమీక్షకు వచ్చిన డిజైన్ డాక్యుమెంటులో లోపం కనిపించాక మొదటి పది నిమిషాలే ప్రమాదం. లోపం కళ్లకు కట్టినట్టు ఉంటుంది, వేళ్లు కీబోర్డు మీదే ఉంటాయి. ఎదురుగా మాట్లాడితే గొంతు, ముఖం మాటను మెత్తబరుస్తాయి. రాతలో ఆ రెండూ ఉండవు. పైగా ఆ వ్యాఖ్యను బృందమంతా చదువుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కరెంటు బిల్లు చెల్లించే సేవకు మీ సహోద్యోగి డిజైన్ రాశారు. బ్యాంకు గేట్‌వే 5 సెకన్లలో జవాబివ్వకపోతే కొత్త లావాదేవీ సంఖ్యతో మళ్లీ పంపాలని, అలా 3 సార్లు ప్రయత్నించాలని అందులో ఉంది. మీకు వెంటనే తట్టేది ఇది: జవాబు రాలేదంటే చెల్లింపు జరగలేదని కాదు. డబ్బు కోత పడి, జవాబు మాత్రమే దారిలో పోయి ఉండవచ్చు. అప్పుడు రెండోసారి పంపితే వినియోగదారుడి ఖాతాలో రెండోసారి కోత పడుతుంది.

ఇక్కడ చాలామంది ఇలా రాస్తారు: “ఇది పనిచేయదు. టైమవుట్ అంటే విఫలం కాదని అందరికీ తెలిసిందే. ప్రతి ప్రయత్నానికీ ఒకే సంఖ్య వాడితే సరిపోతుంది కదా.” సాంకేతికంగా మధ్య వాక్యంలో తప్పేమీ లేదు. కానీ మొదటి వాక్యం కారణం చెప్పకుండానే తీర్పు చెప్పింది. రెండోది, రాసినవారికి ప్రాథమిక విషయం కూడా తెలియదని నలుగురి ముందూ అంది. మూడోది, వాళ్లు రోజుల తరబడి ఆలోచించిన దాన్ని ఒక్క వాక్యంలో తేల్చేసింది. నన్నడిగితే ఎక్కువ హాని చేసేది ఆ “సరిపోతుంది కదా”. ఆ దారి వాళ్లు ఇప్పటికే చూసి వదిలేసి ఉంటే, నొప్పించడంతో పాటు మీరు పొరబడినట్టు కూడా అవుతుంది.

అందుకే ముందు డాక్యుమెంటు చివరిదాకా చదవండి. తోసిపుచ్చిన ప్రత్యామ్నాయాల భాగం సాధారణంగా ఆఖర్లోనే ఉంటుంది. మీ ప్రశ్నకు జవాబు అక్కడ లేకపోతే, తీర్పు కాకుండా జరగబోయే సంఘటనను వరుసగా రాయండి:

“నెట్‌వర్క్ తడబడినా బిల్లు కట్టడం ఆగకూడదన్నది ఈ భాగం ఉద్దేశమని అర్థమైంది. ఒక సందర్భం చూడండి. మొదటి అభ్యర్థనకు గేట్‌వే 4వ సెకనులో డబ్బు కోసింది, జవాబు మాత్రం మనకు చేరలేదు. 5వ సెకనులో కొత్త సంఖ్యతో మళ్లీ పంపాం. గేట్‌వే దాన్ని వేరే చెల్లింపుగా తీసుకుంటే రెండుసార్లు కోత పడుతుంది. దీన్ని ఆపే ఏర్పాటు నేను గమనించనిది ఏదైనా ఉందా? ప్రతిసారీ కొత్త సంఖ్య ఎంచుకోవడానికి కారణం ఏమిటి? ఇది తేలాకే ముందుకు వెళ్దామని నా అభిప్రాయం.”

ఇందులో అభ్యంతరం ఏమాత్రం పలచబడలేదు. ఆఖరి వాక్యం దాని బరువును సూటిగానే చెబుతోంది. “మీరు మరిచిపోయారు” అనే మాట లేదు, జరిగేది చెప్పే వాక్యాల్లో కర్త గేట్‌వేనో జవాబో మనమో. కారణం ఏమిటని అడగడం మర్యాద కోసం మాత్రమే కాదు. రచయిత ఇలా జవాబివ్వవచ్చు: “ఒకసారి వాడిన సంఖ్యను ఈ గేట్‌వే డూప్లికేట్ అని తిరస్కరిస్తుంది, అందుకే కొత్తది.” అంటే మీ మనసులో ఉన్న పరిష్కారం ఇక్కడ పనికిరాదు. ఇద్దరూ కలిసి వేరే దారికి రావాలి: మళ్లీ చెల్లించే బదులు పాత సంఖ్యతో లావాదేవీ స్థితిని అడగడం, విఫలమైందని కచ్చితంగా తెలిస్తేనే కొత్తగా పంపడం, పెండింగ్ అని వస్తే వినియోగదారుడికి అదే చూపించి ఆగడం.

ఈ అభ్యంతరాన్ని ఒంటరిగా ఉంచండి. అదే రోజు ఫీల్డు పేర్ల మీద, బొమ్మల మీద మరో డజను వ్యాఖ్యలు పెడితే అసలు విషయం వాటిలో కలిసిపోతుంది, రచయితకు దాడిలా తోస్తుంది. చిన్నవి తర్వాత, “ఇష్టమైతేనే మార్చండి” అని రాసి ఇవ్వండి. మీ వాదనకు మద్దతుగా ఇతరులను పిలవకండి.

రెండు మూడు విడతలైనా తెగకపోతే రాయడం ఆపి ఫోను చేయండి. ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్ 2014లో వెలువరించిన ఆర్‌ఎఫ్‌సీ 7282లో ఇందుకు పనికొచ్చే కొలమానం ఉంది: ప్రతి అభ్యంతరాన్నీ పరిశీలించి జవాబు చెప్పాలి, ప్రతిదాన్నీ ఒప్పుకోవాల్సిన పనిలేదు. మీ సందర్భాన్ని చూసి, కారణంతో కాదన్నారా, అసలు చూడలేదా అన్నది గమనించండి. కారణం చెప్పి ఉంటే “నా అభిప్రాయం మారలేదు, కానీ ఈ కారణంతో ముందుకు వెళ్లడానికి అభ్యంతరం లేదు” అని రాసి ముగించవచ్చు. రెండు కోతలు పడే అవకాశం అలాగే మిగిలి ఉంటే మాత్రం అలా రాయకూడదు.

ఫోనులో తేలిన నిర్ణయం అదే చర్చలోకి చేరాలి, లేకపోతే మిగతావారు పాత వాదననే మళ్లీ మొదలుపెడతారు. డాక్యుమెంటులో ఆ పేరాను మీరే సవరించకుండా రచయితకే వదిలేయండి.