ఆర్డీ లెక్క పోస్టాఫీసు అంకెతో కలవట్లేదా? తేడా ఎంతో చూడండి

స్ప్రెడ్‌షీటులోని FV ఫంక్షన్ వాడకుండా ఆర్డీ మెచ్యూరిటీ మీరే లెక్కగట్టారు, జవాబు మాత్రం తేలట్లేదు. అలాంటప్పుడు ఫార్ములా మొత్తం తిరగరాయక్కర్లేదు. ఎంత తేడా వచ్చిందన్నదే తప్పెక్కడుందో చాలావరకు చెప్పేస్తుంది.

పోస్టాఫీసు ఆర్డీనే తీసుకుందాం. నెలకు 1000 రూపాయలు, 60 వాయిదాలు, 2023 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన 6.7 శాతం వడ్డీ, మూడు నెలలకోసారి చక్రవడ్డీ. రావాల్సింది 71,366 రూపాయలు.

83,644 వచ్చింది

కట్టిన 60,000 మొత్తాన్నీ మొదటి రోజే వేసినట్టు లెక్కేశారు. అది ఫిక్స్‌డ్ డిపాజిట్ లెక్క. ఆర్డీలో ప్రతి వాయిదా దేనికదే ఒక చిన్న డిపాజిట్. మొదటిది 60 నెలలు ఉంటుంది, చివరిది ఒక్క నెలే. అరవైకీ విడివిడిగా వడ్డీ కట్టి కూడాలి.

71,436 వచ్చింది, అంటే 70 ఎక్కువ

వడ్డీని 12తో భాగించి నెలనెలా చక్రవడ్డీ వేశారు. ఈ తప్పు పట్టుకోవడం కష్టం, ఎందుకంటే అంకె నిజంలాగే కనిపిస్తుంది. క్వార్టరుకు వడ్డీ 6.7/400, అంటే 0.01675. ఒక వాయిదా k నెలలు ఉంటే అది k/3 క్వార్టర్లు ఉన్నట్టు. కాబట్టి దాని విలువ 1000 × 1.01675^(k/3).

```python
R, r, n = 1000, 6.7, 60
v = 1 + r / 400
total = 0
for k in range(1, n + 1):
    total += R * v ** (k / 3)
print(round(total, 2))   # 71365.83
```

దాదాపు 71,000 దగ్గర ఆగింది, 393 లేదా 394 తక్కువ

అసలు చిక్కు ఇక్కడే. రెండు వేర్వేరు తప్పులు ఇంచుమించు ఒకే జవాబిస్తాయి.

మొదటిది, k/3లో భిన్నం ఎగిరిపోవడం. పైథాన్‌లో `//` రాసినా, షీటులో `INT` పెట్టినా, సీ భాషలో రెండు పూర్ణాంకాలను భాగించినా 5/3 కాస్తా 1 అయిపోతుంది. పూర్తయిన క్వార్టర్లకే వడ్డీ పడుతుంది, మిగిలిన ఒకటి రెండు నెలలు గాల్లో కలిసిపోతాయి. జవాబు 70,973.

రెండోది, లెక్క 0 నుంచి మొదలవడం. `range(n)` అని రాస్తే k విలువలు 0 నుంచి 59 వరకే వస్తాయి. ప్రతి వాయిదాకూ ఒక నెల వడ్డీ పోతుంది. జవాబు 70,972.

మొత్తం చూసి ఏది జరిగిందో చెప్పలేరు. చివరి వాయిదా చూసినా లాభం లేదు, రెండింట్లోనూ అది 1000 దగ్గరే ఉండిపోతుంది. మొట్టమొదటి వాయిదా విలువను విడిగా ప్రింట్ చేయండి. 1394.07 వస్తే భిన్నం పోయినట్టు, 1386.37 వస్తే నెల తగ్గినట్టు. సరైన లెక్కలోనూ మొదటి వాయిదా 1394.07 అవుతుంది, కానీ అందులో చివరి వాయిదా 1005.55 ఉండాలి. ఈ రెండంకెలూ కుదిరితే మధ్యలో మరో పొరపాటుకు పెద్దగా చోటుండదు.

71,367 వచ్చింది, రూపాయిన్నర ఎక్కువ

ఇది తప్పు కాదు, ఇంకో పద్ధతి. ఘాతాల్లో భిన్నాలు ఇష్టంలేనివాళ్లు కాగితం మీద ఇలాగే చేస్తారు, నాకూ ఇదే నచ్చుతుంది. క్వార్టరు లోపల బారువడ్డీ, క్వార్టరు చివర దాన్ని అసలులో కలపడం.

మొదటి క్వార్టరులో మూడు వాయిదాలు వరుసగా 3, 2, 1 నెలలు ఉంటాయి. మొత్తం 6 నెలలకు 1000 మీద వడ్డీ 33.50. నిల్వ 3033.50. రెండో క్వార్టరులో పాత నిల్వ మీద 50.81, కొత్త మూడు వాయిదాల మీద మళ్లీ అదే 33.50. నిల్వ 6117.81. ఇలా ఇరవై వరుసలు వేస్తే చివరికి 71,367.28 తేలుతుంది. ఘాతాల లెక్కకూ దీనికీ ఉన్న 1.45 తేడా క్వార్టరు లోపలి బారువడ్డీ వల్ల వచ్చిందే. ప్రోగ్రాం సరిచూసుకోవడానికి మొదటి రెండు వరుసలు చాలు.

ఈ అంకెలన్నీ వాయిదాలు వేళకు కట్టారన్న లెక్కతో వచ్చినవి. ఖాతా నెలలో 15వ తేదీ లోపు తెరిస్తే తర్వాతి వాయిదాలూ 15 లోపే పడాలి, 16 నుంచి తెరిస్తే నెలాఖరు పనిదినం దాకా గడువు. ఆ లోపు ఏ రోజు కట్టినా ఆ నెల మొత్తానికీ వడ్డీ వస్తుంది గనుక ప్రోగ్రాంలో రోజుల లెక్క పెట్టకండి. వాయిదా తప్పితే నెలకు నూటికి రూపాయి చొప్పున, అంటే వెయ్యికి పది రూపాయల రుసుము పడుతుంది. దాన్ని వాయిదాతో పాటు విడిగా కడతారు, total లోంచి తీసేయకూడదు.